నిద్ర సరిపోతున్నా తగ్గని నీరసం: మాత్రలకు ముందే పరీక్షలు

ప్రశ్న: నా వయసు 36. రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోతున్నా, నాలుగు నెలలుగా పొద్దున లేచేసరికే నీరసంగా ఉంటోంది. హిమోగ్లోబిన్ 12.2 ఉంది, రక్తహీనత లేదన్నారు. నెలసరి ఏడెనిమిది రోజులు ఎక్కువగానే అవుతుంది. జుట్టు రాలుతోందని బయోటిన్, పది రోజులుగా ఐరన్ మాత్రలు నేనే తెచ్చుకుని వేసుకుంటున్నాను. థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు అవసరమా? ఏ విటమిన్ వాడితే ఓపిక వస్తుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: విటమిన్ సంగతి తర్వాత చూద్దాం. నాకు ముందుగా ఆందోళన కలిగిస్తున్నది మీ నెలసరి. ప్రతి నెలా అంత రక్తం పోతుంటే, హిమోగ్లోబిన్ తగ్గడానికి చాలా ముందే శరీరంలోని ఐరన్ నిల్వలు అడుగంటుతాయి, నీరసం ఆ దశలోనే మొదలుకావచ్చు. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితేనే రక్తహీనత అంటారు కాబట్టి మీకు లేదన్న మాట తప్పు కాదు, కానీ మీరు సరిగ్గా అంచున ఉన్నారు. నిల్వల సంగతి ఫెరిటిన్ పరీక్షలో తెలుస్తుంది. అది 30 నానోగ్రాముల లోపు ఉంటే, రిపోర్టులో నార్మల్ అని ముద్రించి ఉన్నా, మీ లక్షణాలతో కలిపి చూసినప్పుడు ఐరన్ లోపంగానే భావిస్తాం. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి లోపాన్ని కప్పేస్తుంది కనుక, అవి పూర్తిగా తగ్గాక, సీబీసీతో కలిపి చేయించుకోండి.

థైరాయిడ్‌కు మొదట టీఎస్‌హెచ్ చాలు. అది తేడాగా ఉంటే ఫ్రీ టీ4 చూస్తాం. అయితే జుట్టు కోసం వాడే ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. అంటే థైరాయిడ్ మందకొడిగా ఉండి టీఎస్‌హెచ్ పెరిగినవారి రిపోర్టు కూడా మామూలుగా కనిపించవచ్చు, బాగున్నవారికి లేని జబ్బు అంటగట్టవచ్చు. కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపి, వాడుతున్న సంగతి ల్యాబ్‌లో చెప్పండి. ఎవరినీ అడగకుండా మాత్రలు మొదలుపెడితే వచ్చే చిక్కు ఇదే: ఒంటికి మేలు జరిగిందో లేదో తెలియదు గానీ, పరీక్ష మాత్రం చెడుతుంది. ఐరన్ కూడా అంతే. ఇప్పటికే మింగుతున్నందున ఫలితం కొంత మెరుగ్గా కనిపించవచ్చు కనుక, ఎప్పటి నుంచి వాడుతున్నారో డాక్టరుకు తప్పక చెప్పండి.

విటమిన్ డికి 25-హైడ్రాక్సీ విటమిన్ డి అన్న పరీక్షే అడగండి. 20 నానోగ్రాముల లోపు ఉంటే చికిత్స ఇస్తాం. కానీ ఈ లోపం చాలామందిలో కనిపించేదే. నీరసమంతా దానివల్లేనని తేల్చేస్తే అసలు కారణం మరుగున పడుతుంది. పరీక్ష లేకుండా పెద్ద మోతాదులు నెలల తరబడి వాడితే రక్తంలో కాల్షియం పెరిగే ప్రమాదమూ ఉంది.

మిమ్మల్ని చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. ఫెరిటిన్ తక్కువగా వస్తే ఐరన్‌తో సరిపెట్టకుండా, అధిక రక్తస్రావానికి కారణం ఏమిటో గైనకాలజిస్టు వద్ద తేల్చుకోండి. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే రిపోర్టుల కోసం ఆగకండి. ఐరన్ మాత్రలకు మలం నల్లబడటం మామూలే, కానీ తారులా జిగటగా, విపరీతమైన దుర్వాసనతో వస్తే అది పేగుల్లో రక్తస్రావం కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.