ఏటీపీ ఏ వైపు పుడుతుంది, ఎక్కడ ఖర్చవుతుంది

ప్రశ్న: సార్, కిరణజన్య సంయోగక్రియలో కాంతి చర్యలు, కాల్విన్ వలయం విడివిడిగా అడిగితే చెప్పగలను. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఏది వాడుకుంటుంది, ఏది విడుదలవుతుంది, ఎక్కడ అని రెండూ కలిపి అడిగితే మాత్రం తప్పులు పోతున్నాయి. ప్రవేశ పరీక్షకు దీన్ని ఎలా చదవాలి?

జవాబు: విడివిడిగా చదవడంలోనే చిక్కు ఉంది. కాంతి చర్యలు ఏటీపీని, ఎన్‌ఏడీపీహెచ్‌ను అందిస్తే, కాల్విన్ వలయం వాటిని వాడుకుని ఏడీపీని, ఫాస్ఫేటును, ఎన్‌ఏడీపీ ప్లస్‌ను తిరిగి పంపుతుంది. ఈ రాకపోకలు ఒకే కాగితం మీద గీసుకుంటే చాలా ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి.

స్థానం విషయంలో 'థైలకాయిడ్ త్వచం' అని గుర్తుంచుకుంటే సరిపోదు, త్వచానికి ఏ వైపు అన్నది కూడా తెలియాలి. నీటి విచ్ఛిన్నం ల్యూమెన్ వైపు జరుగుతుంది కనుక ప్రోటాన్లు ల్యూమెన్‌లో పోగవుతాయి. అవి ఏటీపీ సింథేజ్ గుండా బయటికి వచ్చేటప్పుడు ఏటీపీ స్ట్రోమా వైపు ఏర్పడుతుంది. ఎన్‌ఏడీపీహెచ్ కూడా ఆ వైపే తయారవుతుంది. కాల్విన్ వలయం ఉన్నది స్ట్రోమాలోనే కాబట్టి అవి మరో త్వచం దాటవలసిన పని లేదు. 'ఏటీపీ ల్యూమెన్‌లోకి విడుదలవుతుంది' అనే ఐచ్ఛికం నమ్మదగినట్టే కనిపిస్తుంది, కానీ తప్పు.

ఇక ఒక ప్రశ్న చూద్దాం. కార్బన్ డయాక్సైడ్ అందుతుండగా కాంతిని హఠాత్తుగా ఆపితే, వెంటనే ఆర్‌యూబీపీ, 3-పీజీఏ పరిమాణాలు ఎలా మారతాయి? రూబిస్కో జరిపే కార్బాక్సిలీకరణకు ఏటీపీ గానీ ఎన్‌ఏడీపీహెచ్ గానీ అక్కర్లేదు కనుక, మిగిలి ఉన్న ఆర్‌యూబీపీ కాసేపు 3-పీజీఏగా మారుతూనే ఉంటుంది. కానీ 3-పీజీఏ క్షయకరణం చెందాలంటే ఆ రెండూ కావాలి, ఆర్‌యూబీపీ పునరుత్పత్తికి ఏటీపీ కావాలి. కాంతి ఆగడంతో రెండింటి సరఫరా ఆగింది. అందువల్ల 3-పీజీఏ పెరుగుతుంది, ఆర్‌యూబీపీ తగ్గుతుంది. కాంతి ఉంచి కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గిస్తే ఫలితం దీనికి సరిగ్గా తిరగబడుతుంది. ఇదంతా మొదటి కొద్దిసేపటి మాటే. చీకటి కొనసాగితే రూబిస్కోతో పాటు కొన్ని ఎంజైముల చురుకుదనం కూడా తగ్గిపోతుంది. అందుకే కాల్విన్ వలయానికి 'నిష్కాంతి చర్యలు' అన్న పేరు నాకు అంతగా నచ్చదు, అది చదివి ఇవి రాత్రిపూట జరుగుతాయనుకునేవారు ఎందరో.

లెక్కల ప్రశ్నల్లోనూ ఇదే దారి పట్టండి. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుకు రెండు 3-పీజీఏ అణువులు వస్తాయి, వాటి క్షయకరణానికి 2 ఏటీపీ, 2 ఎన్‌ఏడీపీహెచ్, పునరుత్పత్తికి మరో 1 ఏటీపీ పడతాయి. మొత్తం 3 ఏటీపీ, 2 ఎన్‌ఏడీపీహెచ్. గ్లూకోజ్‌కు ఆరు రెట్లు, అంటే 18, 12. ఐచ్ఛికాల్లో 3, 18 రెండూ కనబడితే, అడిగింది ఒక కార్బన్ గురించా, ఒక గ్లూకోజ్ గురించా అని ప్రశ్నను మళ్లీ చదివాకే గుర్తు పెట్టండి.