ఈసాప్ షేర్లు అమ్మకముందే టాక్స్ ఎందుకు? ఏ రోజు ధర లెక్క?

ప్రశ్న: మాది లిస్టెడ్ కంపెనీ. ఉద్యోగులకు ముందే ఖాయం చేసిన ధరకు షేర్లిచ్చే ఈసాప్ పథకంలో నాకు వెస్ట్ అయిన, అంటే తీసుకునే హక్కు వచ్చేసిన ఆప్షన్లు 1,000 ఉన్నాయి, ఎక్సర్‌సైజ్ ధర, అంటే షేరుకు నేను కట్టాల్సింది 200. షేరు ఇప్పుడు 1,200 దగ్గర ఉంది. జీతం ఏడాదికి 30 లక్షలు. షేర్లు తీసుకుని ఉంచుకుందామంటే, 2 లక్షలతో పాటు టాక్స్ కింద ఇంకో 3 లక్షల పైన కట్టాలని హెచ్‌ఆర్ అంటున్నారు. ఒక్క షేరు కూడా అమ్మలేదు, రూపాయి చేతికి రాలేదు. ఇదెలా? అసలు ఏ రోజు ధర పట్టుకుని లెక్కేస్తారు?

జవాబు:

హెచ్‌ఆర్ చెప్పింది నిజమేనండి. బయట 1,200 పలికే షేరును కంపెనీ మీకు 200కే ఇస్తోంది. ఆ 1,000 రూపాయల తేడాను ఆదాయపు పన్ను శాఖ షేర్ల మీద లాభంగా చూడదు, జీతంలో భాగంగా చూస్తుంది. కంపెనీ ఇచ్చే కారు, క్వార్టర్స్ లాగే ఇదీ పర్క్విజిట్. మీరు షేరు అమ్మారా, దాచుకున్నారా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కంపెనీ మీ పేరున ఆప్షన్లు గ్రాంట్ చేసిన రోజున టాక్స్ లేదు, వెస్ట్ అయిన రోజునా లేదు. ఎక్సర్‌సైజ్ చేసి షేర్లు తీసుకున్నప్పుడు జీతం కింద ఒకసారి, అమ్మినప్పుడు క్యాపిటల్ గెయిన్స్ కింద రెండోసారి వస్తుంది.

మీ అంకెలతోనే చూద్దాం. 1,200లో 200 తీసేస్తే 1,000. వెయ్యి షేర్లకు 10 లక్షలు. మీ జీతం ఇప్పటికే 30 శాతం స్లాబులో ఉంది కాబట్టి ఈ 10 లక్షలు మొత్తం ఆ స్లాబులోనే పడతాయి. టాక్స్ 3 లక్షలు, దాని మీద 4 శాతం సెస్ 12,000, కలిపి 3,12,000. ఎక్సర్‌సైజ్ సొమ్ము 2 లక్షలు కలిపితే మీ జేబులోంచి పోయేది 5,12,000. అంటే షేరుకు 512 రూపాయలు. ఈ 512ను గుర్తుపెట్టుకోండి, కింద అవసరం పడుతుంది. మీ మొత్తం ఆదాయం 50 లక్షలు దాటడం లేదు కాబట్టి సర్‌చార్జి గొడవ లేదు. దాటేవాళ్లయితే ఆప్షన్లలో కొన్ని మార్చిలోపు, మిగతావి ఏప్రిల్ తర్వాత తీసుకుంటే ఏ ఏడాదికా ఏడాది పరిమితి లోపల ఉండొచ్చు.

ఇక ధర సంగతి. లిస్టెడ్ షేరుకు 'మార్కెట్ ధర' అంటే మీ యాప్‌లో కనిపించే ఆఖరి ధర కాదు. ఎక్సర్‌సైజ్ చేసిన రోజున ఎక్స్చేంజిలో ఓపెనింగ్ ధర, క్లోజింగ్ ధర తీసుకుని వాటి సగటు కడతారు. ఆ రోజు 1,184 దగ్గర మొదలై 1,216 దగ్గర ముగిస్తే సగటు 1,200. మధ్యలో 1,250 తాకినా, 1,150కి జారినా సంబంధం లేదు. ఎన్ఎస్ఈ, బీఎస్ఈ రెండింటిలోనూ షేరు ఉంటే ఆ రోజు ఎక్కడ ఎక్కువ షేర్లు చేతులు మారాయో అక్కడి ధరే ప్రమాణం. శనివారమో పండగ రోజో ఎక్సర్‌సైజ్ పడితే అంతకుముందు ట్రేడింగ్ జరిగిన చివరి రోజు క్లోజింగ్ ధర తీసుకుంటారు, అప్పుడు సగటు ఉండదు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నేను పని చేసిన కంపెనీలో సరిగ్గా ఇక్కడే తేడా వచ్చింది. మా పేరోల్ చూసే ఏజెన్సీ వాళ్లు ఎక్సర్‌సైజ్ రోజు ధర కాకుండా షేర్లు అలాట్ అయిన, అంటే నా పేరున జారీ అయిన రోజు క్లోజింగ్ ధర వేశారు. ఈ రెండు తేదీల మధ్య కొన్ని వారాలు గడిచాయి, ఆలోగా షేరు పెరిగింది. పేస్లిప్‌లో పర్క్విజిట్ అంకె చూసి, దాన్ని షేర్ల సంఖ్యతో భాగించి, ఎక్సర్‌సైజ్ ధర కలిపితే వాళ్లు ఏ మార్కెట్ ధర వాడారో బయటపడుతుంది. నేనలాగే చేసి, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్‌లో ఆ రోజు పాత ధరలు డౌన్‌లోడ్ చేసుకుని, రెండూ జత చేసి మెయిల్ పెట్టాను. ఫారం 16 రాకముందే సరిచేశారు. మీరు కూడా ఆ నెల పేస్లిప్‌లోనే చూసుకోండి. ఏడాది ముగిశాక కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్‌తో పాటు వచ్చే పర్క్విజిట్ల స్టేట్‌మెంటులోనూ ఈ అంకె వస్తుంది, కానీ అప్పటికి టీడీఎస్ కట్టేసి ఉంటారు, దిద్దించడం పెద్ద పని. మీ కంపెనీ స్కీములో 'ఎక్సర్‌సైజ్ తేదీ' అంటే ఏమిటని రాశారో కూడా చదవండి. కొన్ని చోట్ల పోర్టల్‌లో దరఖాస్తు పెట్టిన రోజు, మరికొన్ని చోట్ల డబ్బు కంపెనీ ఖాతాలో పడిన రోజు.

అలాట్‌మెంటుకు ఆలస్యం అవుతుందన్నాను కదా, మీ అసలు రిస్క్ అక్కడే ఉంది. ఎక్సర్‌సైజ్ రోజున ధర ఖరారైపోతుంది, టాక్స్ దాని మీదే. షేర్లు మాత్రం ఎప్పటికో డీమ్యాట్‌లోకి వస్తాయి. కంపెనీ కొత్త షేర్లు జారీ చేస్తుంటే బోర్డు ఆమోదం, ఎక్స్చేంజి అనుమతి అన్నీ అయ్యాకే మీకు అమ్మే వీలు. దీనికి తోడు మీరు డిజిగ్నేటెడ్ పర్సన్ల, అంటే కంపెనీ లోపలి సమాచారం ముందే తెలిసే వాళ్ల జాబితాలో ఉంటే ట్రేడింగ్ విండో నిబంధన ఒకటుంది. త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు ప్రకటించాక 48 గంటల దాకా విండో మూసి ఉంటుంది. ఆ సమయంలో ఆప్షన్లు ఎక్సర్‌సైజ్ చేయడానికి అడ్డు లేదు, వచ్చిన షేర్లు అమ్మడానికే అడ్డు. జులై మొదట్లో ఎక్సర్‌సైజ్ చేసి, నెలాఖరున ఫలితాలు బాగోక షేరు పడిపోతే చూస్తూ కూర్చోవడమే. అందుకే నేను ఫలితాలు వచ్చి విండో తెరిచాకే దరఖాస్తు పెట్టేవాణ్ని. డబ్బు కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుని, షేర్లు రాగానే కొన్ని అమ్మి తీర్చేసేవాణ్ని. మీ లెక్కలో 1,200 ధర నిలబడితే 427 షేర్లు అమ్మితే 5,12,000 వెనక్కి వచ్చేస్తుంది, మిగతా 573 మీవి. కొన్ని కంపెనీల్లో ఈసాప్ కోసం పెట్టిన ట్రస్టే ఆ మేరకు షేర్లు అమ్మి టాక్స్ కట్టే ఏర్పాటు ఉంటుంది. మీ దగ్గర ఉందేమో అడగండి. ఉంటే ఈ టెన్షన్ చాలావరకు తప్పుతుంది.

మొత్తం వెయ్యీ ఉంచుకోవాలా అంటే, నా ఆలోచన ఇది. ఎక్సర్‌సైజ్ అయ్యాక మీరు షేరును 200కి కొన్నట్టు అనిపిస్తుంది. టాక్స్ మాత్రం 1,200 విలువ మీద కట్టేశారు. ఇప్పుడు అమ్మకుండా ఉంచుకోవడమంటే, 12 లక్షలు చేతికొస్తే ఈరోజు బజారులో ఇదే షేరు 1,200 పెట్టి కొంటారా అన్న ప్రశ్నకు 'కొంటాను' అని జవాబివ్వడమే. అందులోనూ మీ జీతం వచ్చేది ఆ కంపెనీ నుంచే.

ధర పడితే ఏమవుతుందో చూడండి. అయిదు నెలలకు 900 అయింది, అమ్మేశారనుకుందాం. అమ్మేటప్పుడు కొన్న ధర కింద 200 కాదు, టాక్స్ కట్టిన 1,200 తీసుకోవాలి. అంటే కాగితం మీద షేరుకు 300 చొప్పున 3 లక్షల షార్ట్ టర్మ్ నష్టం. ఈ నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి కుదరదు. ఎక్సర్‌సైజ్ అప్పుడు కట్టిన 3,12,000లో పైసా వెనక్కి రాదు. వేరే షేర్లలోనో ఫండ్లలోనో క్యాపిటల్ గెయిన్స్ వస్తే వాటికి సర్దుకోవచ్చు, ఈ ఏడాది లేకపోతే 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు, రిటర్న్ మాత్రం గడువు లోపల వేయాలి. అయినా చేతి లెక్కలో మీరు ఇంకా లాభంలోనే ఉన్నారు, ఎందుకంటే మీ జేబులోంచి పోయింది 512. షేరు 450కి పడిపోతేనే అసలు బాధ. అప్పుడు ఎన్నడూ చూడని 10 లక్షల ఆదాయానికి టాక్స్ కట్టి, పైన సొంత డబ్బు షేరుకు 62 రూపాయలు పోగొట్టుకున్నట్టు.

పెరిగితే లెక్క తేలికే. 14 నెలల తర్వాత 1,500కి అమ్మితే లాభం షేరుకు 300, మొత్తం 3 లక్షలు. ఏడాది దాటింది కాబట్టి లాంగ్ టర్మ్. 1.25 లక్షల మినహాయింపు పోగా 1.75 లక్షల మీద 12.5 శాతం, సెస్‌తో కలిపి 22,750. ఏడాది లోపు అమ్మితే మొత్తం లాభం మీద 20 శాతం. ఈ ఏడాదిని షేర్లు అలాట్ అయిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. ఎక్సర్‌సైజ్ తేదీ, గ్రాంట్ తేదీ కాదు.

బ్రోకర్ ఇచ్చే లాభనష్టాల స్టేట్‌మెంటును గుడ్డిగా నమ్మకండి. ఈసాప్ షేర్లు మార్కెట్లో కొన్నవి కాదు కాబట్టి, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో కొన్న ధర ఖాళీగానో సున్నాగానో ఉండొచ్చు. దాన్ని అలాగే రిటర్న్‌లో వేస్తే 1,500కి అమ్మిన షేరు మీద 1,500 మొత్తం లాభమైపోతుంది, జీతం కింద కట్టిన దానికే మళ్లీ కడతారు. పర్క్విజిట్ లెక్క చూపించే కంపెనీ లెటర్, ఆ నెల పేస్లిప్, అలాట్‌మెంట్ మెయిల్ మూడూ అమ్మే దాకా ఒక ఫోల్డర్‌లో ఉంచండి. మధ్యలో ఉద్యోగం మారితే కంపెనీ మెయిల్ ఐడీతో పాటు అవీ పోతాయి, ముందే సొంత మెయిల్‌కు పంపుకోవడం మేలు.

మీకు అవసరం లేకపోయినా, ఇది చదివే స్టార్టప్ వాళ్ల కోసం ఒక మాట. లిస్ట్ కాని కంపెనీలో మార్కెట్ ధర ఉండదు కాబట్టి సెబీ దగ్గర రిజిస్టరైన మర్చంట్ బ్యాంకర్ విలువ కట్టాలి. ఆ రిపోర్టు తేదీ ఎక్సర్‌సైజ్‌కు ముందు 180 రోజుల లోపు ఉంటే చెల్లుతుంది. హైదరాబాద్‌లో చాలామందికి ఉండే అమెరికన్ కంపెనీ షేర్లదీ ఇదే దారి. అవి అక్కడ లిస్టయినా ఇక్కడి ఎక్స్చేంజిలో లేవు. ఎక్సర్‌సైజ్ అప్పటి టాక్స్‌ను వాయిదా వేసే సౌకర్యం కూడా ఉంది గానీ, అది స్టార్టప్ అని పేరుపెట్టుకున్న ప్రతి కంపెనీకీ రాదు. స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ ఇచ్చే గుర్తింపు ఒక్కటే చాలదు, పన్ను మినహాయింపు కోసం అంతర్ మంత్రిత్వ శాఖల బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఉండాలి. ఉన్నా, ఉద్యోగం మానేసినా షేర్లు అమ్మినా వాయిదా అక్కడితో సరి, 14 రోజుల్లో టాక్స్ కట్టాలి. ఎక్సర్‌సైజ్ చేసే ముందు ఆ సర్టిఫికెట్ కాపీ హెచ్‌ఆర్‌ను అడిగి చూసుకోండి.