జింక్ దిమ్మ అరగలేదంటే, దాని బదులు స్టాండు అరుగుతున్నట్టు

ప్రశ్న: మాది కృష్ణపట్నం వైపు, ఉప్పుటేరు ఒడ్డున రొయ్యల చెరువులు. నీళ్లు తోడటానికి ఏటిలో 8 కాళ్ల ఇనుప స్టాండు వేసుకున్నాం. పంపు, ఫుట్‌వాల్వు స్టెయిన్‌లెస్ స్టీలువి. నిరుడు స్టాండుకి ఎపాక్సీ పెయింట్ వేయించి, 4 జింక్ దిమ్మలు బోల్టులతో బిగించాం. ఇప్పుడు రెండు కాళ్లకి నీళ్ల కింద చిల్లులు పడ్డాయి. జింక్ మాత్రం కొత్తదానిలా ఉంది. అంటే జింక్ బాగా పనిచేస్తున్నట్టా, లేనట్టా?

జవాబు:

పనిచేయడం లేదండీ. జింక్ పెట్టేదే అరిగిపోవడానికి. ఏడాది తర్వాత తీసి చూస్తే ఒళ్లంతా గుంటలు పడి, తెల్లటి పొక్కు కట్టి, ఎంతో కొంత తగ్గి ఉండాలి. కొత్తదానిలా ఉందంటే దానికీ ఇనుముకీ మధ్య కరెంటు దారి లేదు.

నాది ఒంగోల్లో ఫ్యాబ్రికేషన్ షాపు. కొత్తపట్నం తీరంలో ఒక హేచరీకి చేసిన స్టాండులో సరిగ్గా ఇదే జరిగింది. మా కుర్రాళ్లు ముందు పెయింట్ వేసి, అది ఆరాక దానిమీదే జింక్ పట్టీలు బిగించారు. పెయింట్ పాడవుతుందని నేనూ గీకమనలేదు. రెండేళ్లకి కాలు పోయిందని కబురొస్తే వెళ్లాను. పట్టీ విప్పితే కింద పెయింట్ నిగనిగలాడుతోంది, చిన్న గీత కూడా లేదు. ఎపాక్సీ కరెంటుని పోనివ్వదు. రెండేళ్లపాటు ఆ జింక్ ఊరికే నీళ్లలో వేలాడిందన్నమాట. ఆ కాలు మళ్లీ నా ఖర్చుతోనే వేశాను.

మీరే చూసుకోవచ్చు. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ముల్లు నీళ్లలో ఉన్న జింక్‌కి, ఇంకోటి కాలి మీద గీకిన ఇనుముకి ఆనించండి. కనెక్షన్ ఉంటే దాదాపు సున్నా చూపిస్తుంది. 0.4 వోల్టు దరిదాపుల్లో చూపిస్తే రెండూ విడివిడిగా ఉన్నట్టే. ఈ పరీక్ష నీళ్లలోనే చేయాలి, ఒడ్డున చేస్తే ఏమీ తెలియదు.

ఇక చిల్లు ఎందుకు పడింది? పాత టార్చి సెల్లు గుర్తుందా, వాడగా వాడగా దాని జింక్ డబ్బాకి చిల్లులు పడేవి. మీ స్టాండు కూడా అలాంటి సెల్లే అయింది. ఇనుము, స్టెయిన్‌లెస్ ఒకదానికొకటి తగులుతూ ఒకే ఉప్పునీళ్లలో ఉంటే, ఇనుము కరిగి స్టెయిన్‌లెస్‌ని కాపాడుతుంది. జింక్ సరిగా తగులుతుంటే అదే కరిగి ఇనుముని కాపాడేది. మీ జింక్‌కి దారి లేకపోవడంతో ఆ పని ఇనుము మీద పడింది.

పెయింట్ వేశాక పరిస్థితి ఇంకా చెడుతుంది. చాలామంది నమ్మరు గానీ ఇది నిజం. మీరు ఇనుముకి పెయింట్ వేసి స్టెయిన్‌లెస్‌ని అలాగే వదిలేశారు. ఎంత బాగా వేసినా పెయింట్‌లో ఎక్కడో సూదిమొన బెజ్జమో, తాడు ఒరుసుకున్న గీతో ఉంటుంది. స్టెయిన్‌లెస్ పంపు వైశాల్యం పెద్దది, లాగే కరెంటూ పెద్దదే. అదంతా ఆ చిన్న బెజ్జంలోంచే పోవాలి. పెయింట్ లేకపోతే కాలంతా మెల్లగా సమంగా అరిగేది, ఇప్పుడు ఒక్కచోటే లోతుగా తొలిచేస్తుంది. ఆ రెండు కాళ్లూ పంపుకి దగ్గరవే అయ్యుంటాయని నా అనుమానం, చూడండి.

పంపుకీ స్టాండుకీ మధ్య రబ్బరు పెడతామని కొందరంటారు. బోల్టులకి ప్లాస్టిక్ తొడుగులు, వాషర్లు కూడా వేస్తే నిజంగానే కరెంటు ఆగుతుంది. కానీ మోటారు ఎర్త్ వైరు పంపునీ స్టాండునీ మళ్లీ కలిపేస్తుంది. ఆ వైరు మాత్రం తీయకండి, నీళ్లలో దిగే మనుషుల ప్రాణాలకి అదే రక్ష. దీనికంటే స్టెయిన్‌లెస్ పంపు బయటి భాగానికి, ఫుట్‌వాల్వుకి కూడా ఎపాక్సీ వేయించడం మేలు. తుప్పు పట్టని దానికి పెయింట్ ఎందుకని మేస్త్రీ అడుగుతాడు. వేయించేది దాని కోసం కాదు, అది లాగే కరెంటుని తగ్గించడానికి. మెరుపు పోయేలా గరుకుగా రుద్దాకే వేయమనండి, లేకపోతే పెచ్చులుగా ఊడిపోతుంది.

జింక్ ఎంత కావాలో లెక్క చూద్దాం. 4 అంగుళాల పైపు చుట్టుకొలత సుమారు 36 సెంటీమీటర్లు. ఒక్కో కాలు 2 మీటర్లు నీళ్లలో ఉంటే 8 కాళ్లకి దాదాపు 6 చదరపు మీటర్లు. పెయింట్ లేని ఇనుముకి సముద్రపు నీళ్లలో చదరపు మీటరుకి 100 మిల్లీయాంపులు కావాలనుకుంటే, ఏడాదికి 876 యాంపియర్-గంటలు. కిలో జింక్ ఇచ్చేది 780 దాకా. అంటే చదరపు మీటరుకి ఏడాదికి కిలో పైచిలుకు, మీ స్టాండుకి సుమారు 7 కిలోలు. మంచి పెయింట్ ఉంటే మొదట్లో ఇందులో పదో వంతుతో కూడా గడుస్తుంది. పెయింట్ పాడవుతున్నకొద్దీ ఖర్చు పెరుగుతుంది. పైగా దిమ్మ చివరిదాకా పనికిరాదు, ఆరో వంతు మిగిలుండగానే మార్చాలి. మీకైతే మొత్తం 8 నుంచి 10 కిలోలు పెట్టి, 6 నెలలకోసారి చూసుకోమంటాను.

పాత ఇనుప సామాన్ల అంగట్లో దొరికే జింక్ కరిగించి పోసిన దిమ్మలు కొనకండి. జింక్‌లో ఇనుము కాస్త ఎక్కువ కలిసినా పైన గట్టి పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. ఆనోడ్ గ్రేడ్ అని అడిగి తీసుకోండి. దిమ్మ లోపలి నుంచి వచ్చే ఇనుప పట్టీని కాలికి వెల్డింగ్ చేయించి, వెల్డ్ మీద మాత్రం పెయింట్ వేయండి. దిమ్మ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. పాటు వేళ, నీళ్లు బాగా తగ్గినప్పుడు కూడా మునిగే ఉండేంత కిందకి పెట్టించండి.

ఒకటి మాత్రం జింక్ వల్ల కాదు. పోటుకి తడిసి పాటుకి ఆరే ఆ మూర భాగం, దానిపైన చిమ్మరింపు పడే చోటు. జింక్ నుంచి అక్కడికి కరెంటు నీళ్ల గుండానే రావాలి, ఆరినప్పుడు నీళ్లే ఉండవు. పైగా ఉప్పు, గాలి రెండూ దండిగా దొరికేదీ అక్కడే. కొత్త కాళ్లు వేసేటప్పుడు ఆ భాగానికి 6 మిల్లీమీటర్ల మందం పైపు తొడుగు ఒడ్డునే వెల్డ్ చేయించండి. తర్వాత ఇసుక బ్లాస్టింగ్, దానిమీద ఎపాక్సీ రెండు మూడు కోట్లు. బ్లాస్టింగ్‌కి ముందు మంచినీళ్లతో కడిగించడం మర్చిపోవద్దు. ఉప్పు మీద వేసిన పెయింట్ కింద నీటి బుడగలు లేస్తాయి.

అన్నీ అయ్యాక ఒక చిన్న జింక్ ముక్కని శుభ్రంగా గీకి, వైరు కట్టి, స్టాండుకి తగలకుండా కాలి పక్కనే నీళ్లలోకి దించండి. వైరు కట్టిన చోటు మునగనివ్వకండి. మీటరు ఎర్ర ముల్లు కాలికి, నల్ల ముల్లు ఆ వైరుకి. 0.25 వోల్టు, అంతకంటే తక్కువ చూపిస్తే కాలు రక్షణలో ఉన్నట్టు. 8 కాళ్లకీ విడివిడిగా చూడండి. కార్తీక మాసం వానలకి ఏటిలో ఉప్పు తగ్గితే నీళ్లలో కరెంటు సరిగా పారక ఈ అంకె పైకి పోతుంది. రిఫ్రాక్టోమీటర్‌లో సెలైనిటీ మళ్లీ మామూలుకి వచ్చిన రోజు కొలిచి, ఆ అంకె రాసిపెట్టుకోండి.