టెక్ సందేహాలు: మీటర్‌లో రెండు గీతలున్నా బండి ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: స్కూటర్‌లో లెడ్ యాసిడ్ బ్యాటరీలు తీసేసి 48 వోల్టుల లిథియం ప్యాక్ కట్టించాను. 2500 ఎంఏహెచ్ సెల్స్ 130 వేశామన్నారు. మొదట్లో 40 కిలోమీటర్లు వచ్చేది. ఇప్పుడు 18 దాటగానే టక్కున ఆగిపోతోంది, అప్పటికి మీటర్‌లో ఇంకా రెండు గీతలుంటాయి. ఛార్జర్ పాతదే. షాపతను సెల్స్‌కు కాపలా కాసే బీఎంఎస్ బోర్డును తప్పించి డైరెక్ట్‌గా ఇస్తే సరిపోతుందంటున్నాడు. చేయించుకోమంటారా?
– గాజువాక నుంచి ఒక పాఠకుడు

వద్దు. ఆ పాత ఛార్జర్ కూడా ఈ రోజు నుంచే పక్కన పెట్టేయండి. కంచరపాలెం నుంచి, మధురవాడ నుంచి ఇలాంటి ఉత్తరాలే వస్తున్నాయి. కిలోమీటర్ల అంకె ఒక్కటే మారుతుంది, షాపువాళ్ల సలహా మాత్రం అన్నిట్లో ఒకటే.

130 సెల్స్ అంటే మీది పదేసి సెల్స్ ప్యారలల్‌లో కలిపిన 13 గ్రూపుల ప్యాక్. పది కలిస్తే కెపాసిటీ 25 ఆంపియర్ అవర్లు అవుతుంది, వోల్టేజీ మాత్రం ఒక్క సెల్‌దే, 3.6. అలాంటి గ్రూపులు 13 సిరీస్‌లో పెడితే 46.8 వోల్టులు. దాన్నే బజార్లో 48 అంటారు. నిండుగా ఉన్నప్పుడు సెల్‌కు 4.2 చొప్పున 54.6 వస్తుంది. ఇంతవరకూ మీ షాపతని లెక్కలో తప్పేం లేదు.

తేడా వచ్చేది గ్రూపులో. సిరీస్‌లో ఉన్న 13 గ్రూపుల్లోనూ ఒకే కరెంట్ పారుతుంది, కాబట్టి ముందు ఖాళీ అయిన గ్రూపు దగ్గరే బండి ఆగుతుంది. మిగతా పన్నెండింటిలో ఎంత ఉన్నా లాభం లేదు. 40 రావాల్సిన చోట 18 వచ్చాయంటే, 25 ఆంపియర్ అవర్లలో సుమారు 11 మాత్రమే వాడుకోగలిగారన్నమాట. ఒక గ్రూపులో పది సెల్స్‌కు ఐదే పనిచేస్తుంటే దాని కెపాసిటీ పన్నెండున్నర. పైగా కంట్రోలర్ 25 ఆంపియర్లు లాగినప్పుడు ఒక్కో సెల్ రెండున్నరకు బదులు ఐదు ఆంపియర్లు మోయాలి, అందుకే వోల్టేజీ ఇంకాస్త ముందే కూలిపోతుంది. మీ 18 కిలోమీటర్లకు ఈ లెక్క అతికినట్టు సరిపోతోంది.

ఇక ఆ రెండు గీతల సంగతి. బండి ఆగిన క్షణంలో మంచి గ్రూపులు పన్నెండూ 3.7 దగ్గర ఉంటాయి, చెడ్డది 2.8కి పడి బీఎంఎస్ కట్ చేసి ఉంటుంది. అన్నీ కూడితే 47.2 వోల్టులు. 13 గ్రూపులూ ఆరోగ్యంగా ఉంటే అదే సమయానికి 48.1 ఉండేది. తొమ్మిది వందల మిల్లీవోల్టుల తేడా మీటర్ గీతల్లో ఎక్కడ కనబడుతుంది? బ్లూటూత్, స్పీకరు, రంగురంగుల డిస్‌ప్లే పెట్టడానికి జాగా ఉంటుంది గానీ, అతి తక్కువ వోల్టేజీ ఉన్న గ్రూపు అంకె చూపించడానికి మాత్రం ఉండదు. ఆ అంకె బీఎంఎస్ ఎలాగూ క్షణక్షణం కొలుస్తూనే ఉంటుంది. దాన్ని బండి నడిపేవాడికి చూపించకుండా మొత్తం వోల్టేజీని నాలుగు గీతలుగా కోసి పెట్టడం డిజైన్ చేసినవాళ్ల బద్ధకం, అంతే.

ఇప్పుడు ఆ “డైరెక్ట్” సంగతి. బోర్డు మీద బీ మైనస్, పీ మైనస్ అని రెండు లావు వైర్లుంటాయి. షాపతను చేసేది ఆ రెండింటినీ కలిపేయడం. బండి ఆగదు, నిజమే. కానీ ఖాళీ అయిన గ్రూపులోంచి మిగతా పన్నెండు గ్రూపులు బలవంతంగా కరెంట్ తోస్తూనే ఉంటాయి. అది రెండు వోల్టుల కిందికి, ఆపైన సున్నాకు, చివరికి తిరగబడి మైనస్‌కు పోతుంది. రెండు వోల్టుల కిందికి జారిన సెల్‌లో లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ రాగి అక్కడా ఇక్కడా పేరుకుని లోపలే షార్ట్ అయ్యే దారి వేస్తుంది. అంటే ప్రమాదం రోడ్డు మీద తయారవుతుంది, నిప్పు మాత్రం రాత్రి ఇంట్లో ప్లగ్ పెట్టాక అంటుకుంటుంది. పైగా ఛార్జింగ్, డిశ్చార్జింగ్ ఒకే పీ మైనస్ వైరు మీద నడిచే బోర్డుల్లో ఈ జంపర్ వేస్తే ఛార్జింగ్ కాపలా కూడా పోయినట్టే. ఛార్జర్‌కు తెలిసేది మొత్తం వోల్టేజీ ఒక్కటే. ఒక గ్రూపు 4.2 దాటి పొంగుతున్నా దానికి పట్టదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. ఆ తర్వాత కూడా ప్యాక్ ఊడదీసి మంచం పక్కన ప్లగ్గులో పెట్టేవాళ్లు తగ్గలేదు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది మీ పాత ఛార్జర్. నాలుగు పన్నెండు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీల కోసం చేసినది ఒక్కోదానికి సుమారు 14.7 చొప్పున 58.8 దాకా ఎక్కుతుంది. దాన్ని 13 గ్రూపులకు పంచితే ఒక్కో సెల్‌కు 4.52. ఇన్నాళ్లూ ప్రమాదం జరగలేదంటే, ప్రతి రాత్రీ బీఎంఎస్ 4.25 దగ్గర అడ్డుపడి ఆపుతోంది కాబట్టి. ఎప్పుడో ఆపదలో పనికి రావాల్సినదాన్ని మీరు రోజువారీ స్విచ్‌గా వాడేస్తున్నారు. అందులో స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ పాడైతే చాలాసార్లు షార్ట్ అయిపోతుంది, అంటే తలుపు తెరుచుకునే ఉండిపోతుంది. మీ ప్యాక్‌కు కావాల్సింది 54.6 వోల్టుల లిథియం ఛార్జర్. లేబుల్ చూడండి, మల్టీమీటర్‌తో కూడా కొలవండి. కొందరు 14 గ్రూపులు కడితే నిండినప్పుడు 58.8 వస్తుంది కాబట్టి పాత ఛార్జర్ సరిపోతుందంటారు. అంకె కలిసింది గానీ పద్ధతి కలవలేదు. లెడ్ యాసిడ్ ఛార్జర్ నిండాక కూడా ఫ్లోట్ అంటూ కొద్దికొద్దిగా పోస్తూనే ఉంటుంది, లిథియం సెల్‌కు నిండాక పూర్తిగా ఆపాలి.

చెడ్డ గ్రూపు ఏదో కనిపెట్టడానికి పది నిమిషాలు చాలు. బీఎంఎస్‌కు వెళ్లే సన్నటి వైర్ల కనెక్టర్‌లో 14 పిన్నులుంటాయి. మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ మొదటి పిన్ను మీద, ఎర్రది రెండోదాని మీద ఆనిస్తే మొదటి గ్రూపు. అలా ఒక్కో పిన్ను జరుపుకుంటూ పోతే 13 అంకెలు వస్తాయి. కనెక్టర్ ఊడదీయకుండా వెనక నుంచే కొలవండి. ప్రోబ్ మొన మాత్రమే బయటికి ఉండేలా టేపు చుట్టండి, ఒక ప్రోబ్ రెండు పిన్నులకు తగిలితే వైరు కాలుతుంది. వేలికి ఉంగరం ఉంటే తీసేయండి.

రెండుసార్లు కొలవాలి. ఒకటి, నిండాక గంట ఆగి. రెండు, బండి ఆగిన వెంటనే. ఆలస్యం చేస్తే చెడ్డ గ్రూపు కూడా తేరుకుని మంచిదానిలా కనిపిస్తుంది. నిండినప్పుడు అన్నిటితో సమానంగా ఉండి, ఆగినప్పుడు ఒక్కటే కింద పడితే ఆ గ్రూపు కెపాసిటీ పోయినట్టు. మీ కేసు ఇదే అయి ఉంటుంది. నిండినప్పుడూ, ఆగినప్పుడూ ఒకే గ్రూపు తక్కువ చూపిస్తుంటే అది నిండడం లేదన్నమాట. దాన్ని ఒక్క సెల్ ఛార్జర్‌తో 4.2 దాకా విడిగా నింపి వారం వదిలేయండి. మళ్లీ అదే జారితే అందులో లీకయ్యే సెల్ ఉంది. బీఎంఎస్ బ్యాలెన్సింగే చూసుకుంటుందిలే అనుకోకండి. మామూలు బోర్డు యాభై మిల్లీ ఆంపియర్ల చొప్పున సరిచేస్తే, రెండు ఆంపియర్ అవర్ల తేడాకు 40 గంటలు పడుతుంది.

గ్రూపు దొరికాక ప్యాక్ విప్పి ఆ పది సెల్స్ మీది వెల్డింగ్ చూడమనండి. చాలాసార్లు సెల్స్ బాగానే ఉంటాయి, వాటిని కలిపే స్ట్రిప్ ఊడి ఉంటుంది. మన ఊళ్లో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. అసలు నికెల్ బదులు పైన నికెల్ పూత పూసిన ఇనుప స్ట్రిప్ వేస్తారు, చౌక కదా. సముద్రపు గాలికి వెల్డింగ్ చుక్క దగ్గర తుప్పు పడుతుంది, గోతుల రోడ్డు దాన్ని ఊడగొడుతుంది. మిగిలిన ముక్కను ఆకురాయితో గీకి ఉప్పునీళ్లలో ఒక రోజు ఉంచండి. గీత ఎర్రబారితే అది ఇనుమే.

మెకానిక్‌లు బోల్తా పడే చోటు ఇక్కడుంది. ఊడిన ఐదు సెల్స్ ఎప్పుడో 3.9 దగ్గర ఆగిపోయి ఉంటాయి, పనిచేసిన ఐదు 2.8 దగ్గర ఉంటాయి. అలాగే వెల్డ్ చేస్తే తేడా 1.1 వోల్టులు. ఒక్కో సెల్ లోపలి రెసిస్టెన్స్ 40 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే, ఒక్కో జత మధ్య దాదాపు 14 ఆంపియర్లు ఒక్కసారిగా పారుతుంది. అలాంటి సెల్‌ను మామూలుగా ఒకటీ ఒకటిన్నర ఆంపియర్‌తో ఛార్జ్ చేస్తారు. కాబట్టి రెండు వైపులా విడిగా ఛార్జ్ చేసి, తేడా 0.05 వోల్టుల లోపుకు తెచ్చాకే కలపాలి. రెండు వోల్టుల కింద పడి ఉన్న సెల్ ఏదైనా దొరికితే బతికించే ప్రయత్నం చేయొద్దు. ఆ గ్రూపు మొత్తానికి ఒకే బ్యాచ్ కొత్త సెల్స్ పది వేయించండి. పాతవాటి పక్కన కొత్తవి ప్యారలల్‌లో దూర్చొద్దు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 18650 సెల్ 6800 ఎంఏహెచ్‌ది చౌకగా వస్తోంది. అవి వేస్తే పది బదులు నాలుగు ప్యారలల్ పెడితే చాలు కదా?
– మద్దిలపాలెం

ఆ సైజులో మంచి సెల్ కూడా సాధారణంగా 3500–3600 దగ్గర ఆగిపోతుంది. 6800 అన్నది రేపర్ మీద అచ్చేసిన అంకె మాత్రమే. వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టండి. అసలైనది 45 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది, 35 చూపిస్తే లోపల సరుకు లేనట్టే. ఒకవేళ అంకె నిజమే అనుకున్నా, 25 ఆంపియర్లు నాలుగు సెల్స్‌కు పంచితే ఒక్కోదాని మీద ఆరుంపావు పడుతుంది. కెపాసిటీ ఎక్కువ అని అమ్మే సెల్స్‌లో చాలావాటికి అంత కరెంట్ ఇచ్చే శక్తి ఉండదు. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు వోల్టేజీ కూలి మొదటి మలుపులోనే ఆగిపోతారు.