కొంపెల్ల పేజీ తిప్పేస్తే పోయేది ఏమిటి?

ప్రశ్న: కవితకు ముందు "ఫలానా వారికి" అని అంకితమో, ఎవరిదో ఒక కొటేషనో ఉంటుంది కదా. అది వదిలేసి చదివితే ఏమైనా పోతుందా? ఉంటే దాన్ని ఎలా వాడుకోవాలి?

పోతుంది. నాకు పదేళ్లకు పైగా పోయింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

డిగ్రీలో ఉండగా కాలేజీ పోటీల్లో శ్రీశ్రీ "మహాప్రస్థానం" గేయం చెప్పాను. మా చేతికిచ్చింది రెండు పేజీల జిరాక్సు. "మరో ప్రపంచం" దగ్గర మొదలై ఆ ఒక్క గేయంతో అయిపోయింది. పిడికిలి బిగించి, గొంతు పగిలేలా అరిచాను. చప్పట్లు కొట్టారు, ప్రైజు వచ్చింది. ఆ గేయంలో "దారి పొడుగునా గుండె నెత్తురులు తర్పణ చేస్తూ" అని ఉంటుంది. ఆ ముక్కను కూడా మిగతా వాటిలాగే అదే ఊపులో అరిచేశాను. తర్పణ అంటే ఏమిటో తెలియక కాదు. మా తాతగారికి నాన్న తర్పణం వదలడం ఏటా చూసినవాణ్నే. ఆ గేయంలో చనిపోయినవాళ్లు ఉన్నారని తట్టలేదు, అంతే.

తర్వాత చాలా ఏళ్లకు విజయవాడలో పాత పుస్తకాల కొట్టులో అదే పేరున్న పుస్తకం మొత్తం దొరికింది. అట్ట ఊడిపోయింది, అక్కడక్కడా పెన్సిలు గీతలున్నాయి. ఏలూరు బస్సెక్కి కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. గేయాల కంటే ముందు "కొంపెల్ల జనార్దనరావు కోసం" అని అంకితం ఉంది. రెండు ముక్కల అంకితం కాదు, అదే ఒక పూర్తి కవిత. తలవంచుకుని వెళ్లిపోయిన నేస్తాన్ని పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడే కవిత. నువ్వు చనిపోతే ఎవరు ఏడ్చారు, నేనూ మరో ఆరుగురు స్నేహితులూ తప్ప, అంటాడు. ఆకాశం పడిపోలేదు, ఆఫీసులకు సెలవు ఇవ్వలేదు, సారా దుకాణాలు మామూలుగానే నడిచాయి, ఎవరి పనుల్లో వాళ్లున్నారు అంటాడు. నా కంటే ముందు ఆ పుస్తకం ఉన్నవాళ్లెవరో "ఆరుగురు" కింద పెన్సిలుతో గీత గీశారు. నేను దిగాల్సింది ఏలూరు పాత బస్టాండులో. అది దాటిపోయాక గానీ చూసుకోలేదు.

ఆ అంకితం చదివాక పేజీలు తిప్పి మళ్లీ నా పోటీ గేయం దగ్గరికి వచ్చాను. ఈసారి ముందుగా పట్టుకున్నది పేరే. మహాప్రస్థానం అంటే పెద్ద ప్రయాణం అని మాత్రమే అనుకునేవాణ్ని. భారతంలో అది పదిహేడో పర్వం పేరు. పాండవులూ ద్రౌపదీ అన్నీ వదిలేసి హిమాలయాల వైపు నడుస్తారు, దారిలో ఒక్కొక్కరే పడిపోతారు, ధర్మరాజు వెనక్కి చూడకుండా నడుస్తూనే ఉంటాడు. అది తిరిగిరాని నడక. "పోదాం పోదాం పైపైకి" అన్నమాట జిరాక్సులో నినాదంలా వినిపించింది. కొంపెల్ల పేజీ తర్వాత చదివితే అందులో ఆ కొండదారి కూడా కనబడుతుంది. తర్పణ అన్న మాట దగ్గర గొంతు దానంతట అదే దిగుతుంది. గేయంలో ఒక్క అక్షరం మారలేదు. నడిచేవాళ్ల పక్కన, అప్పటికే పడిపోయిన ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు.

ఇంకోటి, "ఆః!" అనే చిన్న గేయం. నిప్పులు చిమ్ముతూ నేను నింగికి ఎగిరితే ఆశ్చర్యంతో చూసేది వీరు, నెత్తురు కక్కుకుంటూ నేలకు రాలితే దయ లేకుండా ఉండేది వీరే, అని దాని సారం. ఎవరు ఈ "వీరు"? గేయం చెప్పదు. అంకితంలో మాత్రం కొంతమంది కనిపిస్తారు, సెలవు లేని ఆఫీసులవాళ్లు, ఎవరి పనుల్లో వాళ్లు మునిగినవాళ్లు. పైగా కొంపెల్ల పోయింది క్షయతో. ఆ సంగతి తెలిశాక "నెత్తురు కక్కుకుంటూ" అన్నమాట ఉత్త అలంకారంగా ఉండదు.

ఇక్కడే చాలామంది కాలు జారతారు, నేనూ జారాను. ఆ ఊపులో "మహాప్రస్థానం గేయం కొంపెల్ల మరణం మీదే రాశాడు" అని ఒక మిత్రుడితో వాదించాను. తప్పు. గేయం 1934 నాటిది. ఉదయిని పత్రిక నడిపిన కొంపెల్ల పోయింది 1937లో. పుస్తకం అచ్చయింది 1950లో. అంటే ఆ మరణం గేయాన్ని పుట్టించలేదు. గేయాలన్నీ పుస్తకంగా చేరినప్పుడు కవి వాటిని ఆ మరణం పక్కన పెట్టాడు. ఈ తేడా పట్టుకోకపోతే అంకితంతో ఎంత లాభమో అంత నష్టం. "ఇది చదివేటప్పుడు నాకు కొంపెల్ల గుర్తొస్తాడు, గుర్తు రావాలనే కవి ముందు పెట్టాడు" అనొచ్చు. "ఇది కొంపెల్ల గురించి" అనాలంటే తేదీ ఒప్పుకోవాలి. "ఆః!" విషయంలోనూ నేను ఆ మొదటి మాట దగ్గరే ఆగుతాను.

అసలు మనకు ఇది కొత్త కాదు. పాత కావ్యాల్లో కృతిభర్త ఉంటాడు, అంటే కావ్యాన్ని అంకితం తీసుకునేవాడు. కావ్యం మొదట్లో వచ్చే అవతారికలో ఆయన వంశాన్ని పొగుడుతారు, తర్వాత ఇది ఫలానా ఆయనకు అంటూ "కున్" అని ముగిసే షష్ఠ్యంతాలనే పద్యాలు వస్తాయి, ప్రతి ఆశ్వాసం మొదట్లో ఆయన్ని మళ్లీ పిలుస్తారు. పోతన ఆ చోటును రాజుకు ఇవ్వకుండా రాముడికి ఇచ్చాడు. శ్రీశ్రీ అదే చోట ఎవరికీ ఏమీ ఇవ్వలేని, చనిపోయిన స్నేహితుణ్ని కూర్చోబెట్టాడు. అక్కడ ఎవరు కూర్చోవడం వాడుకో తెలిసినవాడికే ఈ పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. షష్ఠ్యంతాలు పరీక్షకు రావని క్లాసులో దాటేస్తారే, అప్పుడు పోయేది ఇదే.

కొటేషన్ సంగతి కొంచెం వేరు. అది ఎవరి మాట, ఎవరితో అన్నాడు, అన్నాక ఏమైంది అన్న మూడూ చూడాలి. ఇంగ్లీషు కవి ఎలియట్ రాసిన ప్రూఫ్రాక్ కవిత ముందు ఇటాలియన్ లైన్లుంటాయి, డాంటే తానే నరకంలో తిరిగినట్టు రాసిన కావ్యంలోవి. మంటలో ఉన్న గ్విడో అనే పాపి, "ఇక్కడినుంచి బతికి తిరిగెళ్లినవాడు లేడట, కాబట్టి పరువు పోతుందన్న భయం లేకుండా చెబుతాను" అంటాడు. విన్నవాడేమో డాంటే, తిరిగొచ్చి మొత్తం రాసేశాడు. అర్థం మాత్రమే చూసుకుంటే ఈ చివరి సంగతి తెలియదు. అది తెలిశాక కవిత మొదట్లోనే "నువ్వూ నేనూ వెళ్దాం" అన్నప్పుడు ఆ నువ్వు ఎవరు, ఈ రహస్యం వాడి దగ్గర ఆగుతుందా అన్న అనుమానం మొదలవుతుంది.

నేను చేసేది చెబుతాను. ముందున్న మాటను ఒకసారి చదివి, ఏమీ వెతక్కుండా కవితలోకి వెళ్లిపోతాను. కవిత అయ్యాక వెనక్కి వచ్చి ఆ మనిషెవరో, ఎప్పటివాడో, కవిత తేదీకి ముందో తర్వాతో చూస్తాను. ఆ తర్వాత రెండోసారి చదువుతూ నేను, నువ్వు, వీరు, మనం లాంటి మాటల మీద వేలు పెడతాను. మార్పు ఎక్కువగా అక్కడే తెలుస్తుంది. ఏ మాటా మారకపోతే ఆ అంకితం ఉత్త మర్యాద కోసం వేసిందే అనుకుని వదిలేస్తాను. అలాంటివీ బోలెడున్నాయి.

వాట్సాప్‌లో తిరిగే గేయాలకూ, నెట్‌లో పెట్టే కాపీలకూ చాలాసార్లు ముందు అంకితం ఉండదు, కింద తేదీ ఉండదు. కాబట్టి పుస్తకమే కొనండి. కొనేముందు కొట్టులోనే తెరిచి కొంపెల్ల పేజీ ఉందో లేదో, గేయాల కింద తేదీలు ఉంచారో తీసేశారో చూసుకోండి.