ఏటా గడువు తీరే పన్ను ఇంతకాలం ఎలా బతికింది?

ప్రశ్న: నేను ఎల్‌ఎల్‌బీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఆదాయపు పన్ను మొదట యుద్ధ ఖర్చుల కోసం తాత్కాలికంగా పెట్టినదని, బ్రిటన్‌లో ఇప్పటికీ అది ఏటా ముగిసి మళ్లీ మొదలవుతుందని మా సార్ పాఠంలో చెప్పారు. ఇది నిజమేనా? మన దగ్గరా అంతేనా? ఏప్రిల్ 1 నాటికి ఫైనాన్స్ బిల్లు పాస్ కాకపోతే ఆ ఏడాది పన్ను కట్టక్కర్లేదా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే. బ్రిటన్‌లో 2007 నాటి ఆదాయపు పన్ను చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ఏదైనా చట్టం ఆ ఏడాదికి పన్ను వేస్తేనే పన్ను ఉంటుంది. ఏటా ఏప్రిల్ 5తో దాని ఆయుష్షు తీరుతుంది, ఫైనాన్స్ యాక్ట్ మళ్లీ పోస్తుంది. కానీ "యుద్ధపు పన్నే శాశ్వతమైంది" అని మాత్రం పరీక్షలో రాయకండి. యుద్ధపు పన్ను 1816లోనే రద్దయింది. ఇప్పుడున్నది 1842లో, ఖజానా లోటు పూడ్చడానికి పుట్టినది. అయితే రెండోది మొదటిదాని యంత్రాంగంతోనే నడిచింది. పన్ను ఎలా నిలబడిందో తెలియాలంటే పట్టుకోవాల్సింది ఆ యంత్రాంగాన్నే.

ఫ్రాన్స్‌తో యుద్ధం కోసం ప్రధాని విలియం పిట్ 1799లో తొలి ఆదాయపు పన్ను వేశాడు. ఏడాదికి 60 పౌన్ల లోపు వాళ్లకు మినహాయింపు, 200 దాటితే పదో వంతు. కోటి పౌన్లు వస్తాయనుకుంటే వచ్చింది 60 లక్షలు. మనిషి తన మొత్తం ఆదాయాన్ని తానే ఒకచోట రాసి చెప్పాలి, తక్కువ రాస్తే పట్టుకునే దారి లేదు. డబ్బు రాలకపోవడానికి అసలు కారణం ఇదే. 1802లో సంధి కుదరగానే పన్ను ఎత్తేశారు.

మరుసటి ఏడాదే యుద్ధం మళ్లీ మొదలైంది. అప్పటి ప్రధాని ఆడింగ్టన్ పన్నును తిరిగి తెచ్చాడు, కానీ పద్ధతి పూర్తిగా మార్చాడు. ఆదాయాన్ని పుట్టుక చోటును బట్టి 'A' నుంచి 'E' వరకు ఐదు షెడ్యూళ్లుగా విడగొట్టాడు: భూమి, ఇళ్ల మీద వచ్చేది ఒకటి, సాగు ఒకటి, ప్రభుత్వ బాండ్ల వడ్డీ ఒకటి, వ్యాపారం-వృత్తి ఒకటి, ఉద్యోగాల జీతం ఒకటి. వీలైన చోటల్లా డబ్బు చేతికి అందకముందే పన్ను కోసేయడం రెండో మార్పు. 100 పౌన్ల అద్దె కట్టాల్సిన వ్యక్తి పౌనుకో షిల్లింగు చొప్పున 5 పౌన్లు ప్రభుత్వానికి కట్టి, యజమానికి 95 ఇస్తాడు. యజమాని దాచడానికేమీ మిగలదు. రేటు పిట్ పన్నులో సగమే, రాబడి మాత్రం దాదాపు అంత వచ్చింది. ఈ రోజు మనం టీడీఎస్ అంటున్న పద్ధతి ఇదే.

వాటర్లూలో ఫ్రాన్స్ ఓడి యుద్ధం ముగిశాక, 1816 మార్చిలో ప్రభుత్వం ఈ పన్నును సగం రేటుతో కొనసాగిస్తానంది. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ 238-201 ఓట్లతో తోసిపుచ్చింది. జనం ఆదాయాల వివరాలున్న దస్త్రాలను కూడా ధ్వంసం చేయమని తీర్మానించింది. కానీ వాటి నకళ్లు ఖజానా శాఖలో మరో అధికారి దగ్గర భద్రంగా ఉండిపోయాయి.

26 ఏళ్ల తర్వాత ప్రధాని రాబర్ట్ పీల్ ఆ పాత షెడ్యూళ్లనే తీసి, 150 పౌన్లు దాటిన ఆదాయం మీద పౌనుకు, అంటే అప్పటి 240 పెన్నీలకు, 7 పెన్నీలు వేశాడు. గడువు 3 ఏళ్లు. దాంతోపాటు వందల దిగుమతి సుంకాలు తగ్గించాడు. పన్ను కాలు ఇరుక్కున్నది ఇక్కడే. పన్ను తీసేయాలంటే ఆ సుంకాలను మళ్లీ పెంచాలి, సరుకుల ధరలు పెంచే సాహసం ఎవరికీ లేదు. 1845లో, 1848లో మూడేసి ఏళ్ల చొప్పున పొడిగించారు.

1853లో ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టన్ దీన్ని ముగించడానికి లెక్కగట్టి ప్రణాళిక వేశాడు: 2 ఏళ్లు 7 పెన్నీలు, తర్వాత 2 ఏళ్లు 6, ఆపైన 3 ఏళ్లు 5, 1860 ఏప్రిల్‌తో సున్నా. మరుసటి ఏడాదే క్రిమియా యుద్ధం వచ్చి రేటు రెట్టింపై 14 పెన్నీలయింది. 1860 వచ్చేసరికి సున్నా కాదు కదా, 10 పెన్నీలుంది. మళ్లీ రద్దు చేస్తానని 1874 ఎన్నికల్లో ఆయనే మాటిచ్చాడు. ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు.

మన దగ్గరా ఇలాంటి కథే నడిచింది. 1857 తిరుగుబాటు అణచడానికైన ఖర్చు పూడ్చడానికి వైస్రాయ్ మండలిలో ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ 1860లో ఐదేళ్ల గడువుతో ఆదాయపు పన్ను తెచ్చాడు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ ప్రెసిడెన్సీ గవర్నర్ ట్రెవెల్యన్ ఈ పన్నును బాహాటంగా వ్యతిరేకించి పదవి పోగొట్టుకున్నాడు. తర్వాత ఆయనే ఆర్థిక సభ్యుడిగా తిరిగొచ్చాడు, 1865లో గడువు తీరిన పన్నును పొడిగించలేదు. 1869లో మళ్లీ వచ్చి 1873లో మళ్లీ పోయింది. 1886 చట్టంలో మాత్రం గడువు తేదీ రాయలేదు. శాశ్వతమైంది అప్పుడే.

ఇక మీ అసలు సందేహం. 1922 చట్టంతో మన దగ్గర పని రెండుగా విడిపోయింది. ఏది ఆదాయం, ఎలా లెక్కించాలి, అప్పీలు ఎక్కడ అన్నవి శాశ్వత చట్టంలో ఉంటాయి. రేట్లు ఏటా ఫైనాన్స్ యాక్ట్‌లో వస్తాయి. 1961 చట్టం 4వ సెక్షన్ చదవండి: ఏదైనా కేంద్ర చట్టం ఒక సంవత్సరానికి ఫలానా రేటుతో పన్ను వేస్తే, ఆ రేటున పన్ను పడుతుంది అంటుంది. అంటే శాశ్వత చట్టం ఒక్కటే ఉంటే పన్ను మొత్తం తేల్చలేం. చట్టం అనుమతి లేనిదే పన్ను వేయకూడదనే రాజ్యాంగం 265వ అధికరణం దీని వెనక ఉంది.

అలాగని బిల్లు ఆలస్యమైతే పన్ను ఎగిరిపోదు. ఆ ఖాళీ కోసమే 294వ సెక్షన్ రాశారు. ఏప్రిల్ 1 నాటికి కొత్త చట్టం రాకపోతే, నిరుటి రేటు, సభ ముందున్న బిల్లులోని రేటు, ఈ రెండింటిలో పన్ను కట్టేవారికి ఏది లాభమో అది నడుస్తుంది. నిరుటి లెక్కన లక్ష, బిల్లు లెక్కన 90 వేలు అనుకుందాం: 90 వేలే వర్తిస్తుంది. బిల్లు లక్షా పదివేలంటే, అది చట్టమయ్యేదాకా లక్షే. ఇది తాత్కాలిక వంతెన మాత్రమే. చట్టం వచ్చాక ఏడాది మొత్తానికీ దాని రేటే ఖాయం.

బ్రిటన్‌లో ఇలాంటి వంతెన లేని రోజుల్లో ఏమైందో 'బోల్స్ వర్సెస్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్' కేసు చెబుతుంది. ఫైనాన్స్ యాక్ట్ రాకముందే, కామన్స్ తీర్మానం చేసింది కదా అని బ్యాంకు బోల్స్‌కు రావాల్సిన మొత్తంలో పన్ను కోసింది. సభ తీర్మానం చట్టం కాదని, ఆ కోత చెల్లదని జస్టిస్ పార్కర్ తీర్పిచ్చారు. దాంతో 1913లో తాత్కాలిక వసూలుకు ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

మన దగ్గర 294 వాడాల్సిన అవసరం అరుదు. 2024 ఎన్నికల ఏడాదిలో కూడా ఫిబ్రవరిలోనే ఒక ఫైనాన్స్ యాక్ట్ చేసి పాత రేట్లు కొనసాగించారు, ఆగస్టులో రెండో యాక్ట్ వచ్చింది. మూలం చదివేటప్పుడు ఇలా చూడండి: ఫైనాన్స్ యాక్ట్ 2వ సెక్షన్, ఆ తర్వాత మొదటి షెడ్యూల్. అందులో ఒకటో భాగం గడిచిన ఏడాది ఆదాయానికి, మూడో భాగం నడుస్తున్న ఏడాది జీతాల కోతకు, ముందస్తు పన్నుకు. ఈ రెండు భాగాలను కలగలిపి తప్పు ఏడాది రేటు రాయడమే విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం వర్తిస్తుంది కాబట్టి, ఆ తర్వాతి ఆదాయానికి సెక్షన్ నంబర్లు కొత్త చట్టంలో చూసుకోండి.