తామరకి రాసే క్రీమే తామరని పెంచితే

"గజ్జల్లో తామర వచ్చి నాలుగు నెలలైంది. షాపులో అడిగితే ఇచ్చిన క్రీమ్ రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది. ఆపితే వారంలో ఇంకా పెద్దదై తిరిగొస్తుంది. వేరే క్రీమ్ వాడాలా?"

ముందు ఆ ట్యూబ్ వెనక సన్నక్షరాల్లో ఏం రాసుందో చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ లాంటి పేరేదైనా ఉంటే అది స్టెరాయిడ్. పక్కనే మికొనజోల్ లేదా క్లోట్రిమజోల్ ఉంటుంది, ఫంగస్ మందు అదీ. చాలావాటిలో నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా కలుపుతారు. తామర వచ్చేది ఫంగస్ వల్ల, దానికీ యాంటీబయాటిక్‌కీ సంబంధమే లేదు. నేను ఇలాంటి క్రీమే ఎనిమిది నెలలు రాశాను, ఒక్కసారి కూడా ఈ పేర్లు చదవకుండా.

నాకు మొదట వచ్చింది తొడ లోపలి వైపు రూపాయి బిళ్ళంత మచ్చ. అంచు ఉబ్బి ఎర్రగా పొట్టు లేస్తూ, మధ్యలో చర్మం మామూలుగా ఉండేది. క్రీమ్ రాసిన మర్నాటికే దురద మాయం, మూడో రోజుకి ఎరుపూ పోయింది. ఇంకేం, ఆపేశాను. అసలు తప్పు జరిగింది అక్కడే. స్టెరాయిడ్ ఒకటి రెండు రోజుల్లో పని చూపిస్తుంది. ఫంగస్ మందుకి వారాలు కావాలి. మనమేమో దురద పోయిందంటే జబ్బు పోయిందనుకుంటాం. అంటే చర్మానికి ఫంగస్ మందు మూడు నాలుగు రోజులే అందుతుంది, పూర్తిగా చావని ఫంగస్ మళ్ళీ మొదలుపెడుతుంది.

పోనీ ఆపకుండా రాస్తే? అదింకా ఘోరం. దురద, ఎరుపు అనేవి ఫంగస్ చేసే పనులు కావు, దాన్ని తరమడానికి మన ఒళ్ళు చేసే పోరాటం. స్టెరాయిడ్ ఆ పోరాటాన్నే అణిచేస్తుంది. కాపలా కుక్కకి మత్తుమందు పెట్టి, ఇంట్లో అరుపులు లేవని నిద్రపోవడం లాంటిది. నా మచ్చకి ఐదో నెలకల్లా గుండ్రటి అంచు చెరిగిపోయింది, వలయంలో ఇంకో వలయం లేచింది, నడుం దాకా పాకింది. తామరలా లేకపోవడంతో ఎవరో ఎగ్జిమా అన్నారు. స్టెరాయిడ్ రాసి ఇలా రూపు మారిన తామరకి డాక్టర్లు పెట్టిన పేరు టీనియా ఇన్‌కాగ్నిటో, అంటే మారువేషంలో ఉన్న తామర.

చివరికి వెళ్ళిన చర్మ డాక్టరుగారు ట్యూబ్ చూసి ఏమీ అనలేదు. మచ్చ అంచున బ్లేడుతో పొట్టు గీకి, స్లైడ్ మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి మైక్రోస్కోప్‌లో పెట్టి నన్నే చూడమన్నారు. కొమ్మలు కొమ్మలుగా ఫంగస్ దారాలు! "స్టెరాయిడ్ రాసినవాళ్ళలో ఇవి ఎక్కువే కనిపిస్తాయి" అన్నారు. ఇన్ని నెలలైతే ఫంగస్ నూగు వెంట్రుకల కుదుళ్ళలోకీ దిగిపోతుందట, పైన రాసేది అక్కడికి సరిగా చేరదు. అందుకని నాకు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ ఇచ్చారు, ఆరు వారాలు, అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. దాంతోపాటు స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీమ్, రోజుకి రెండుసార్లు, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా. మచ్చ కనబడకుండా పోయాక ఇంకో రెండు వారాలు రాయమన్నారు. ఈ క్యాప్సూల్స్ మీ అంతట మీరు కొనకండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి, లివర్ సమస్య ఉన్నవాళ్ళకి పనికిరావు, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కలిస్తే ప్రమాదం. కొందరికి టెర్బినాఫైన్ ఇస్తారు కానీ, ఈ మధ్య దానికి లొంగని ఫంగస్ పెరిగింది.

ఒక్క విషయం ముందే తెలిస్తే బాగుండేది. పాత క్రీమ్ ఆపిన మొదటి పది రోజులు నరకం. మంట, ఎరుపు రెట్టింపయ్యాయి, రాత్రి మూడింటికి లేచి ఆ ట్యూబ్ చేతిలో పట్టుకుని కూర్చున్న రోజుంది. కొత్త మందు పనిచేయడం లేదన్న టెన్షన్. అణిచిపెట్టిన పోరాటం మళ్ళీ మొదలైనప్పుడు అలాగే ఉంటుందని డాక్టరుగారు దురద మాత్ర ఇచ్చారు. మూడో వారానికి మంట తగ్గింది. చాలామంది ఈ పది రోజుల్లోనే పాత ట్యూబ్ దగ్గరికి వెళ్ళిపోతారు.

ఇంకో పని, ఇంట్లో అందరి ఒళ్ళూ చూపించుకోండి. మా ఆవిడకి మోకాలి వెనక చిన్న మచ్చ దొరికింది. ఇద్దరం కలిసి మందు వాడకపోతే తిరిగి నాకే అంటుకునేది. తువ్వాళ్ళు విడిగా పెట్టుకున్నాం.

తామర పోయి ఏడాది దాటింది. గజ్జల్లో మాత్రం గర్భిణులకి పొట్ట మీద పడేలాంటి చారలు నాలుగైదు మిగిలాయి. స్టెరాయిడ్‌కి అక్కడి చర్మం పలచబడి చీలిన చోట్లు అవి, ఇక పోవన్నారు. మీరు డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడిన ట్యూబ్ పట్టుకెళ్ళండి, ఎన్ని నెలలు రాశారో దాచకుండా చెప్పండి.